డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మ ఎవరిది?

(తిరుపతిలో చిత్రలేఖనం నేర్చుకుంటున్న విద్యార్థులకు, కొత్తగా ఆర్డర్లు తీసుకుంటున్నవాళ్లకు ఒక డిజిటల్ ఆర్టిస్టు చేసిన ప్రసంగం. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి, ఫ్యాన్ల చప్పుడుకి నా గొంతు అక్కడిదాకా రాదు.

నన్ను పిలిచినవాళ్లు "పోర్ట్రెయిట్‌కి ఎంత తీసుకోవాలో మా పిల్లలకు చెప్పండి" అన్నారు. చెబుతాను. కానీ ధర కంటే ముందు ఒక విషయం తేలాలి. ఎవరో డబ్బిచ్చి వాళ్ల నాన్న బొమ్మ గీయమన్నారు. మీరు గీసి ఇచ్చారు. ఆ బొమ్మ కాపీరైటు ఎవరిది? మీదే అనుకునేవాళ్లు చేతులెత్తండి.

దాదాపు అందరూ ఎత్తారు. మన దేశంలో చట్టం ఆ మాట అనడం లేదు. 1957 నాటి కాపీరైటు చట్టంలో 17వ సెక్షన్ ఉంది. దాని మొదటి వాక్యం మీరు అనుకున్నట్టే ఉంటుంది: సృష్టించినవాడే మొదటి యజమాని. ఆ వెంటనే కొన్ని మినహాయింపులు వస్తాయి. అందులో 'బి' అనేది మన మెడకు చుట్టుకునేది. ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి, తన కోసం ఫోటో తీయించుకున్నా, పెయింటింగ్ గానీ పోర్ట్రెయిట్ గానీ గీయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఆ గీయించుకున్న మనిషే. గీసినవాళ్లు కాదు.

ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద మీరు చూసే వీడియోలు ఎక్కువగా అమెరికా వాళ్లవి. అక్కడ కమిషన్ మీద గీసినా, రాసి సంతకం చేసి ఇస్తే తప్ప హక్కు మామూలుగా ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది. ఆ వీడియోలు చూసి, చిత్తూరులో ఒక కస్టమర్‌తో "నేను రాసివ్వలేదు కాబట్టి హక్కు నాదే" అని వాదిస్తే నెగ్గరు. ఇక్కడ పోర్ట్రెయిట్ విషయంలో లెక్క తలకిందులు. మీరు ఏమీ రాసుకోకపోతే హక్కు వాళ్లది. మీ దగ్గర ఉండాలంటే ముందే మాట్లాడుకోవాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ 'బి' జాబితాలో పెయింటింగ్, పోర్ట్రెయిట్ ఉన్నాయి గానీ డ్రాయింగ్ లేదు. అదే చట్టంలో కళాకృతి అంటే ఏమిటో చెప్పేచోట మాత్రం పెయింటింగ్, డ్రాయింగ్ రెండూ విడివిడిగా ఉన్నాయి. కాబట్టి పిల్లల పుస్తకానికి గీతల బొమ్మలు వేసిస్తే హక్కు మనదేనని గట్టిగా వాదించవచ్చు. మరి టాబ్లెట్ మీద రంగులు పులిమి చంద్రగిరి కోట వేసిస్తే అది పెయింటింగా, డ్రాయింగా? ఇది తేల్చడానికి లాయర్లు కావాలి. నేను లాయర్ని కాదు. అందుకే అలాంటి వాదనల మీద ఆధారపడను. ప్రతి ఆర్డరూ 'బి' కిందకే వస్తుందనుకుని, ముందే రాసుకుంటాను. ఆ సెక్షన్‌లో ఒప్పందం కాగితం మీదే ఉండాలని లేదు, కానీ నోటిమాటను రేపు ఎవరికి చూపిస్తారు? వాట్సాప్ మెసేజ్ అయినా సరే, అవతలి మనిషి 'సరే' అన్నది కనబడాలి.

ఇదంతా ఒక ఆర్డర్ మీద పెట్టి చూపిస్తాను. తిరుపతిలో ఒక మిఠాయి దుకాణం. పేరు చెప్పను, కొన్ని వివరాలు మార్చాను. దుకాణం పెట్టిన తాత, ఆయన భార్య ఇద్దరూ పోయారు. మనవడు వచ్చి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి గీయమన్నాడు. గల్లాపెట్టె వెనక గోడకి ఫ్రేము కట్టించాలి. పన్నెండు అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల ఎత్తు.

"ఎంతవుతుందన్నా?" అన్నాడు. ఈ ప్రశ్నకు వెంటనే అంకె చెప్పకండి. ముందు ఫోటోలు అడగండి. పని ఎంత కష్టమో ఫోటో చెబుతుంది. మనిషికింత, సైజుకింత అని రేటు కార్డు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. డిజిటల్‌లో సైజుకి రేటు పెట్టడంలో నాకు అర్థం కనబడదు. కాన్వాసు పెద్దదైతే కంప్యూటరుకి బరువు గానీ మనకు గంటలు పెద్దగా పెరగవు. గంటలు పెంచేవి వేరే ఉన్నాయి.

అతను పంపినవి రెండు ఫోటోలు. తాతది స్టూడియోలో తీసిన నలుపు తెలుపు ఫోటో, శుభ్రంగా ఉంది. అవ్వది మాత్రం ఒక పెళ్లి గ్రూపు ఫోటోలో, మూడో వరుసలో, ముఖం బొటనవేలి గోరంత. దాన్నీ స్కాన్ చేయలేదు. ఆల్బంలో ఉండగానే పక్కనుంచి ఫోన్‌తో ఫోటో కొట్టాడు. ప్లాస్టిక్ కవరు మీద ట్యూబ్‌లైట్ మెరుపు. పక్కనుంచి తీసిన ఫోటోలో ముఖం ఒకవైపు సన్నగా అయిపోతుంది. అది చూసి గీస్తే పోలిక రాదు. ఆల్బం లోంచి బయటకి తీయించి, బట్టల షాపు పక్కన జిరాక్స్ సెంటర్‌లో 600 డీపీఐలో స్కాన్ చేయించమన్నాను. ముఖం చిన్నదైనప్పుడు 300 చాలదు.

తర్వాత చూసింది వెలుతురు. తాత ముఖం మీద వెలుగు ఎడమనుంచి పడుతోంది. అవ్వ ఎండలో నిలబడింది, వెలుగు నెత్తిమీద నుంచి వస్తోంది. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే అతికించినట్టు కనబడుతుంది. ఒకరి ముఖంలో నీడలన్నీ మళ్లీ ఊహించి గీయాలి. వేర్వేరు ఫోటోలు కలిపే ఆర్డర్లలో మనల్ని ముంచేది ఇదే. "ఇద్దరే కదా" అని కస్టమర్ అనుకుంటాడు. నలుగురు ఒకే ఫోటోలో ఉన్న బొమ్మ కంటే ఈ ఇద్దరిది ఎక్కువ పని.

మూడోది చీర. అవ్వకి వెంకటగిరి చీర కట్టించాలన్నాడు. జరీ అంచు, మడతల్లో ఆ అంచు ఎలా తిరుగుతుందో అలా తిప్పాలి. దాన్ని ఒక బ్రష్‌గా చేసుకుని లాగేస్తే చీర మీద స్టిక్కర్ అంటించినట్టుంటుంది. మెడలో కాసులపేరు, చేతులకు గాజులు. చేతులు కనబడుతున్నాయంటే ఎప్పుడూ ఒక ముఖమంత పని కలపండి. చేతులు తప్పు పోతే ఎవరికీ కారణం తెలియదు గానీ బొమ్మ నచ్చదు.

నా లెక్క ఇలా వచ్చింది. ఫోటోలు బాగుచేసి, వెలుతురు కలిపి, కూర్పు కుదర్చడానికి 3 గంటలు. స్కెచ్ 4. ముఖాలు ఒక్కోటి 5 చొప్పున 10. చీర, నగలు, చేతులు 5. వెనక సాదా రంగు, 1. కరెక్షన్లకి 3. మొత్తం 26 గంటలు. గంటకి 400 చొప్పున 10,400 రూపాయలు. ఈ 400 నా అంకె, మీది మీరు కట్టుకోండి. ఇంటి అద్దె, కరెంటు, టాబ్లెట్ అరుగుదల, ఆర్డర్ లేని రోజులు అన్నీ అందులోంచే రావాలి. నెలకి గీయగలిగే గంటలు వంద దాటవు, మిగతా సమయం ఫోన్లకీ ఫైళ్లకీ పోతుంది. ఆ వందతో మీ నెల ఖర్చుని భాగించి చూస్తే, ఐదు వందలకి పోర్ట్రెయిట్ వేస్తానని పోస్టు పెట్టేవాళ్లు ఎంత నష్టంలో ఉన్నారో తెలుస్తుంది.

అంకెతో పాటు ఆ గంటల విడివిడి లెక్క కూడా పంపాను. కొంతమంది ఇది దాచుకోవాలంటారు. నాకు పంపడమే నయం. "ఎక్కువ చెప్పావే" అన్నప్పుడు రేటు తగ్గించకుండా పని తగ్గించే వీలుంటుంది. "చేతులు కనబడకుండా ఛాతీవరకే గీస్తాను, రెండు వేలు తగ్గుతుంది" అనొచ్చు. ఊరికే తగ్గిస్తే, మొదట చెప్పింది అబద్ధం అన్నట్టు అవుతుంది. ఈ మనవడు మాత్రం చీర వదలనన్నాడు, ఆ రేటుకే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు హక్కుల మాట. అడ్వాన్సు తీసుకోకముందే నేను పంపే మెసేజ్ ఇది. కావాలంటే రాసుకోండి:

"ఈ బొమ్మ మీ ఇంట్లో, దుకాణంలో ఫ్రేము కట్టి పెట్టుకోవడానికి, కుటుంబ సభ్యులు తమ సొంత ఖాతాల్లో పెట్టుకోవడానికి. కాపీరైటు గీసినవారి దగ్గరే ఉంటుంది. ప్యాకింగ్, ప్రకటనలు, హోర్డింగ్‌లు, అమ్మకపు వస్తువుల మీద వాడాలంటే విడిగా మాట్లాడుకుందాం. మీ వాళ్ల ముఖం ఉన్న ఈ బొమ్మను నేను వేరెవరికీ అమ్మను, ఇవ్వను. నా పని నమూనాగా చూపించుకోవడానికి మీ అనుమతి ఉంది. ఇవన్నీ సమ్మతమైతే 'సరే' అని రాసి సగం అడ్వాన్సు పంపండి."

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. కాపీరైటు నా దగ్గరే అన్న వాక్యం లేకపోతే ఏమవుతుందో చెప్పాను. వేరెవరికీ ఇవ్వను అన్నది ఎందుకంటే, పోయిన పెద్దవాళ్ల ముఖం మీద హక్కు ఎవరో బయటివాళ్ల దగ్గర ఉందంటే ఇంట్లోవాళ్లకి టెన్షన్ పుడుతుంది, అది న్యాయమే. నమూనా వాక్యం కూడా వదలకండి. కాపీరైటు వాళ్లదైపోతే, మీరు గీసిన బొమ్మను మీ ఇన్‌స్టాలో పెట్టాలన్నా వాళ్లని అడగాలి. కొందరు కుటుంబాల వాళ్లు బయట చూపించవద్దంటారు. అప్పుడు ఆ ఒక్క వాక్యం తీసేస్తాను. దానికి డబ్బు పెంచను. అది నా పద్ధతి, పెంచేవాళ్లూ ఉన్నారు.

స్టూడియో ఫోటో చూసి గీస్తున్నాం కదా, ఆ ఫోటో తీసినవాళ్ల హక్కు సంగతేమిటి అని అడగొచ్చు. ఇక్కడ అదే 17(బి) మన పక్షాన నిలుస్తుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్న కుటుంబానిదే. వాళ్లిచ్చి గీయమంటే గీయొచ్చు. సినిమా హీరో స్టిల్లో, ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరి ఫోటోనో పంపి "దీన్ని ఇలాగే దించు" అంటే మాత్రం ఆ లెక్క పనికిరాదు.

ఇక కరెక్షన్లు. నిజానికి చాలామంది ఆర్టిస్టులు ఈ పని వదిలేసేది డబ్బు వల్ల కాదు, వీటి వల్లే.

నేను మూడు చోట్ల ఆగుతాను. స్కెచ్ అయ్యాక చూపిస్తాను. రెండుసార్లు మార్పులు చెప్పొచ్చు. నీడలు లేకుండా చదునుగా రంగులు నింపాక చూపిస్తాను, ఒకసారి చెప్పొచ్చు. పూర్తయ్యాక చిన్న సవరణలు ఒకసారి. స్కెచ్ దశలో తల తిప్పమంటే నాకు అరగంట. పూర్తయ్యాక తిప్పమంటే ముఖం మళ్లీ గీసినట్టే. ఆ సంగతి కస్టమర్‌కి మొదటే ఈ మాటలతోనే చెబుతాను. లేదంటే వాళ్లకి మూడూ ఒకటే బొమ్మలా కనబడతాయి, చివరిదాకా తీరిగ్గా ఉంటారు.

ఇంకా ముఖ్యంగా, మార్పు చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఈ ఆర్డర్‌లో స్కెచ్ కుటుంబం గ్రూపులోకి వెళ్లింది. బెంగళూరులో ఉన్న మేనత్త తాతకి మీసం ఇంకా గుబురుగా ఉండేదంది. చిన్నాన్న మీసమే లేదన్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు వయసుల తాతని తలుచుకుంటున్నారు. నేను గ్రూపులో చేరలేదు. "మీరంతా మాట్లాడుకుని, ఒక్క మెసేజ్‌గా మీరే పంపండి" అని మనవడితో అన్నాను. రెండు రోజులకి మీసం ఉంచాలని తేలింది. అలా పెట్టకపోతే అత్త మాట ఒక కరెక్షన్, చిన్నాన్న మాట ఇంకో కరెక్షన్, లెక్క ఎక్కడా ఆగదు.

"ఏదో తేడాగా ఉందన్నా." ఈ మాట మీరు వింటారు, రాసిపెట్టుకోండి. దీన్ని కరెక్షన్‌గా తీసుకోవద్దు. ముందు మీరు మీ బొమ్మను పరీక్షించండి. ఫోటోను పైన లేయర్‌గా పెట్టి సగం పారదర్శకంగా చేసి చూడండి. కనుబొమలకీ కళ్లకీ మధ్య దూరం, ముక్కు కొసనుంచి పై పెదవి దాకా ఉన్న దూరం, ఈ రెండూ వెంట్రుకవాసి మారినా మనిషి మారిపోతాడు. కాన్వాసును అద్దంలోలా తిప్పి చూడండి, వంకర ఉంటే వెంటనే దొరుకుతుంది. అక్కడ తేడా ఉంటే అది మీ తప్పు, లెక్కలో పెట్టకుండా సరిచేయాలి. తేడా లేదు, అయినా పోలిక లేదంటున్నారు అంటే, గొడవ ఫోటోతో ఉంది.

అవ్వ విషయంలో అదే జరిగింది. గ్రూపు ఫోటోలో అవ్వకి నలభై లోపే. మనవడు చూసిన అవ్వ డెబ్బై ఏళ్ల మనిషి. బుగ్గలు జారి, కళ్ల కింద సంచులు వచ్చి, నవ్వితే ఒకవైపు పెదవి ఎక్కువ లేచే మనిషి. ఫోటోలో అవేవీ లేవు. "ఏ వయసు అవ్వ కావాలి?" అని మొదటి రోజే అడిగి, సమాధానం రాయించుకున్నాను కాబట్టి దారి దొరికింది. అతను 'అరవై' అని రాశాడు. ఫోన్‌లో వేలితో గీసే సదుపాయం ఉంటుంది కదా, స్కెచ్ మీద తేడాగా ఉన్న చోట సున్నా చుట్టి పంపమన్నాను. నోటి దగ్గర చుట్టాడు. పెద్ద వయసులో తీసిన ఫోటో ఎంత మసకగా ఉన్నా పంపమంటే, ఓటరు కార్డు దొరికింది. పోలికంతా అందులోని నోటి దగ్గర ఉంది.

సెల్ఫీలు చూసి గీసేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి. ఫోన్ ముఖానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా పడతాయి. ఉన్నది ఉన్నట్టు దించితే "మా నాన్న ముక్కు అంత లావు కాదు" అంటారు. వాళ్లది న్యాయమే. నాలుగైదు అడుగుల దూరం నుంచి వెనక కెమెరాతో తీసిన ఫోటో అడగండి.

ఎడమ కుడి తారుమారు కావడం కూడా ఉంది. సెల్ఫీలు కొన్ని ఫోన్లలో అద్దంలో చూసినట్టే సేవ్ అవుతాయి. పాత ఫోటోల్లో నెగటివ్ తిరగేసి కడిగినవి ఉంటాయి. పుట్టుమచ్చ అటు బుగ్గ మీదకి వెళ్లిపోతుంది. కనిపెట్టడం తేలిక. మగవాళ్ల చొక్కా జేబు వాళ్ల ఎడమవైపు ఉంటుంది, అంటే ఫోటో చూసే మనకి కుడివైపు. మనకి ఎడమవైపు కనబడితే ఫోటో తిరగబడినట్టే. ఆడవాళ్లకి పైట మామూలుగా ఎడమ భుజం మీద. తాత ఫోటో సరిగ్గానే ఉంది. అయినా ముక్కుపుడక, పుట్టుమచ్చ, గాయపు మచ్చ ఏవైపో మొదటి రోజే అడిగి రాసుకుంటాను. ఇవి చివర్లో బయటపడితే ఇరువైపులా విసుగు.

కాబట్టి మార్పు వచ్చినప్పుడు నేను చూసేది ఒకటే. ఒప్పుకున్న స్కెచ్‌కీ, ఇచ్చిన ఫోటోకీ, రాసిన వివరాలకీ నా బొమ్మ తేడాగా ఉందా? ఉంటే ఎన్నిసార్లయినా ఉచితం. లేదు, వాళ్ల మనసు మారింది, చీర ఎరుపు కాదు ఆకుపచ్చ కావాలి అంటే, మిగిలిన ఉచిత సవరణల్లోంచి పోతుంది. అవి అయిపోతే గంటకి 400. మనవడు చివర్లో వెనక సాదా రంగుకి బదులు గోపురం పెట్టమన్నాడు. అది కరెక్షన్ కాదు, కొత్త పని. నాలుగు గంటలు, 1,600 రూపాయలని చెబితే వద్దులే అన్నాడు. కోపం ఏమీ రాలేదు. ధర చెప్పగానే చాలా మార్పులు వాటంతటవే పోతాయి.

ఫైలు ఇవ్వడం గురించి రెండు మాటలు. పన్నెండు పద్దెనిమిది ఫ్రేముకి అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 3600 వెడల్పు, 5400 ఎత్తు. బాకీ అందాకే ఇస్తాను. అంతవరకూ చూపించేవి పొడవు వైపు 800 పిక్సెళ్లు దాటనివ్వను, ముఖం మీదుగా నా పేరు వేసి పంపుతాను. ఎందుకంటే వాట్సాప్ కుదించినా ఫోటో పొడవు 1600 దాకా ఉంటుంది. అది ఐదంగుళాల పైన చక్కగా ప్రింటవుతుంది, ఒక మిఠాయి డబ్బా మూతకి చాలు.

ఆ డబ్బా సంగతికే వస్తున్నాను. ఏడాది తర్వాత మనవడు మళ్లీ వచ్చాడు. బొమ్మ చూసి కొనేవాళ్లు అడుగుతున్నారట, తాత అవ్వల బొమ్మ డబ్బాల మీద, సంచుల మీద వేయించాలట. గోడ బొమ్మ ఫైలు అతని దగ్గర ఉంది. ఆరడుగుల వెడల్పు ఫ్లెక్స్ వేసినా ఆ ఫైలు నుంచి అంగుళానికి 50 పిక్సెళ్లు వస్తాయి, రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకి అంతకంటే అక్కర్లేదు. అంటే ఫైలు చిన్నదిగా ఇచ్చి హక్కు కాపాడుకుందాం అనుకుంటే కుదరదు. అతను నన్ను అడిగింది మెసేజ్‌లో ఆ వాక్యం ఉంది కాబట్టే.

వాడకానికి ధర ఎలా? ఇక్కడ గంటలు పనికిరావు, మళ్లీ గీసేది ఏమీ లేదు. ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు, ఎంత దూరం పోతుంది అనే మూడు అడుగుతాను. దేశంలో ఇంత శాతమని ఖాయమైన పట్టిక ఏదీ లేదు. నేను గీసిన ధరలో వంతుగా లెక్క కడతాను. ఒకే దుకాణం, డబ్బాలు సంచులు, రెండేళ్లు, ఆంధ్రప్రదేశ్ లోపల. గీసిన ధరలో 60 శాతం అనుకున్నాను, 6,240 వచ్చింది, 6,000 తీసుకున్నాను. పది ఊళ్లలో శాఖలుంటే గీసిన ధరకి సమానంగా అడిగేవాణ్ణి.

ప్రెస్సు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. సంచుల మీద ఒక్క రంగే వేస్తారు. మెత్తటి నీడలతో వేసిన ముఖాన్ని ఒక రంగులోకి మారిస్తే బొగ్గు పూసినట్టు అవుతుంది. దాన్ని గీతల బొమ్మగా మళ్లీ గీయాలి. ఐదు గంటలు, 2,000. డబ్బాలకి ప్రెస్సు వాడే సీఎంవైకే రంగుల్లోకి మార్చినప్పుడు చీర నెమలికంఠం నీలం చచ్చిపోయింది, అది స్క్రీన్ మీద మాత్రమే ఉండే రంగు. ప్రింటు వేసే ముందు ఒక డబ్బా ప్రూఫు తెప్పించి చూపించాను. లేకపోతే అది కూడా మన కరెక్షన్ల ఖాతాలోకే వచ్చేది. మొత్తం 8,000 రెండోసారి. ముందు ఆ ఒక్క వాక్యం రాసుకోకపోతే అతను చట్టప్రకారమే నన్ను అడక్కుండా వేయించుకోవచ్చు, నేను అనడానికి ఏమీ లేదు.

ఇప్పుడు మీరడగండి.

కస్టమర్ కాపీరైటు మొత్తం తనకే కావాలంటే?

ఇవ్వొచ్చు. కానీ గీసిన ధరకి రెండు, రెండున్నర రెట్లు అడగండి, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే వాడకాలన్నీ ఒకేసారి అమ్మేస్తున్నారు. మీ దగ్గరున్న హక్కును బదిలీ చేయాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతలో ఉండి మీ సంతకం ఉండాలి. ఏ బొమ్మ, ఏ హక్కులు, ఎన్నాళ్లు, ఎక్కడ, ఎంత డబ్బు అన్నీ రాయాలి. ఎన్నాళ్లో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకని చట్టం అనుకుంటుంది. కాబట్టి శాశ్వతంగా కావాలని డబ్బిచ్చే కస్టమర్‌కి ఆ మాట రాసి ఇవ్వడమే మర్యాద. లేకపోతే ఆరో ఏట గొడవ.

ఇదివరకే ఏమీ రాసుకోకుండా చాలా పోర్ట్రెయిట్లు ఇచ్చేశాం. వాటి మీద మాకేమీ లేదా?

కాపీరైటు వాళ్లదనే అనుకోండి. మీ పేజీలో పెట్టుకోవాలంటే ఒక మెసేజ్ పెట్టి అడగండి, చాలామంది సంతోషంగా సరేనంటారు. కానీ 57వ సెక్షన్ కింద ఒకటి మీతోనే ఉంటుంది. ఈ బొమ్మ నేను గీసిందని చెప్పుకునే హక్కు, మీ పరువు పోయేలా దాన్ని వికారంగా మారిస్తే అభ్యంతరం చెప్పే హక్కు. కాపీరైటు అమ్మేసినా ఇవి పోవు. మీ సంతకం చెరిపి, కింద ఇంకొకరి పేరు వేస్తే మీరు అడగొచ్చు. అయితే ఫ్రేమును తీసుకెళ్లి వంటింటి తలుపు వెనక తగిలిస్తే మాత్రం ఏమీ అనలేరు. బొమ్మను మన మనసుకు నచ్చినట్టు పెట్టకపోవడం ఉల్లంఘన కాదని ఆ సెక్షన్ లోనే రాసి ఉంది.

లేయర్లు ఉన్న పీఎస్‌డీ ఫైలు అడుగుతున్నారు. ఇవ్వాలా?

మొదట చెప్పిన ధరలో అది లేదు. నేను ఇచ్చేది ప్రింటుకి ఒక టిఫ్, ఫోన్‌కి ఒక జేపీజీ. లేయర్ల ఫైలు అడిగారంటే ఎందుకో కనుక్కోండి. చాలాసార్లు ప్రెస్సులో డిజైనరు వెనక రంగు తీసేయాలని అడుగుతాడు. అప్పుడు వెనకభాగం లేని పీఎన్‌జీ పంపితే సరిపోతుంది, డబ్బు కూడా తీసుకోను. ముఖాన్ని ఇంకెవరితోనో మార్పించుకోవడానికైతే ఆ మార్పు నేనే చేస్తానని చెప్పి గంటల లెక్క పంపుతాను.